బ్యాటరీ రేట్లు

కారు స్టార్ట్ కాలేదు. తాళం తిప్పితే టకటకమని ఆగిపోయింది. మా ఆయన పోయి రెండేళ్లు. ఆ కారు అమ్మేయమని తమ్ముడు ఎప్పటినుంచో పోరుతున్నాడు. అమ్మితే గుమ్మం ముందు ఏమీ మిగలదని నా భయం. అందుకే కొత్త బ్యాటరీ వేయించి, వాడి నోరు మూయించాలని పంతం పట్టాను.

లెక్కల టీచరుగా రిటైరయినదాన్ని, ఊరికే కొంటానా? మెయిన్ రోడ్డు కొట్టుకెళ్లాను. ఓనరు స్టూలు లాగి, టీ తెప్పించాడు.

"పెట్రోలు బండేనా? ముప్పై అయిదు ఏహెచ్ కెపాసిటీ సాలమ్మా. నాలుగు వేల ఆరొందలు. పాతదిత్తే ఎనిమిదొందలు తగ్గిత్తాను. ఫిట్టింగు ఫ్రీ."

వారంటీ మూడేళ్లట. అందులో పద్దెనిమిది నెలలే ఫ్రీగా మారుస్తారు, మిగతా కాలం కొత్తదాని ధరలో కొంత తగ్గింపు. రింగు రోడ్డు కొట్టులో అయిదు వేల నాలుగొందలు. పాతదానికి తొమ్మిది వందలు, ఫిట్టింగుకు రెండు వందలు. అయితే ముప్పై నెలలు ఫ్రీ. ఫ్రీ నెలలతో భాగిస్తే మొదటిది నెలకు రెండు వందల పదకొండు, రెండోది నూట యాభై ఏడు. రెండోదే చవక.

లెక్క తేలిపోయాక కూడా మొదటి కొట్టుకి మళ్లీ రెండుసార్లు వెళ్లాను. ఇంట్లో ఎవరితోనూ మాట్లాడకుండా గడిచిన రోజులున్నాయి. అక్కడ ఒక్క ప్రశ్న వేస్తే ఓనరు పావుగంట చెప్పేవాడు.

చివరికి రింగు రోడ్డు కొట్టుకే ఫోన్ చేశాను. మెకానిక్ వచ్చి పాత బ్యాటరీ ఊడదీశాడు. "ఛార్జింగ్‌లో పెట్టి సూత్తానమ్మా, అప్పుడే సెప్పగలను," అని పట్టుకెళ్లాడు. మర్నాడు తెచ్చి బిగించి, మీటరు పెట్టి చూశాడు.

"బ్యాటరీ బాగానే ఉంది. బండి తియ్యట్లేదు, అందుకే దిగిపోయింది. కొత్తది యేసినా ఇంతే. అలా దిగిపోతే వారంటీలో మార్చరు, ఛార్జి పెట్టి ఇచ్చేత్తారంతే. వారానికి రెండుసార్లయినా ఓ అరగంట తిప్పండి. ఎక్కడికీ ఎల్రేటి?"

ఎక్కడికని చెప్పను? నాకు చాలా కోపం వచ్చింది. అతని మీద కాదు. మేమిద్దరం కలిసి వెళ్లిన చోట్లన్నిటికీ ఇప్పుడు నేనొక్కదాన్నే వెళ్లాలి. ఛార్జింగు డబ్బులిచ్చి పంపేశాను.

మంగళవారం కారు తీశాను. హైవే మీద అరగంట ఊరికే తిరిగాను. పక్క సీటులో నా చేతిసంచి ఉంది. వెనక్కి వస్తూ మెయిన్ రోడ్డు కొట్టుకెళ్లాను.

"రండమ్మా," అంటూ ఓనరు స్టూలు లాగాడు.

"ఆ ముప్పై అయిదు ఏహెచ్ ఇంకా అదే రేటా?" అన్నాను. "పాతదానికి ఎంత తగ్గిస్తారన్నారు?"

అతను మళ్లీ మొదటినుంచి చెప్పడం మొదలెట్టాడు. నేను టీ తాగుతూ విన్నాను. కారుని మాత్రం అతనికి కనబడకుండా పక్క వీధిలో ఆపి వచ్చాను.