పంటి సిమెంటుతో మూసిన అలుగు

పొద్దున్నే చాయ్ తాగక ముందు ఏసుపాదం ఒక పని చేస్తాడు. వాకిట్లో ఉన్న కరివేపాకు కుండీ దగ్గర గొంతుక్కూర్చుని, కుడిచేతి చూపుడువేలిని రెండో కణుపు దాకా మట్టిలోకి దించి కళ్లు మూసుకుంటాడు. నాడి చూస్తున్న వైద్యుడిలా కాసేపు అలాగే ఉండి, వేలు తీసి వాసన చూసి, లుంగీకి తుడుచుకుని, "ఇయ్యాల వద్దు" అనో "పొయ్యొచ్చు" అనో ప్రకటిస్తాడు. వినడానికి ఎవరైనా ఉన్నారా లేదా అన్నది ఆయనకు పట్టదు.

ఈ అలవాటు సొంత వాకిలి వరకే అయితే ఆయన భార్య జానమ్మకు పేచీ లేదు. చెల్లెలి కూతురికి సంబంధం మాట్లాడటానికి సూర్యాపేట వెళ్లినప్పుడు, పెద్దలు మాటల్లో ఉండగా ఈయన హాలు మూలనున్న కుండీలో వేలు పెట్టాడు. వేలు దిగలేదు. అది ప్లాస్టిక్ చెట్టు. థర్మాకోల్ మీద గులకరాళ్లు అతికించి పెట్టారు. గోరు చీలి రక్తం వచ్చింది. సంబంధమైతే కుదిరింది గాని, పెళ్లయి నాలుగేళ్లయినా ఆ ఇంట్లో ఇప్పటికీ "మీ మేనమామ వేలు ఎట్లుంది" అని కోడలిని అడుగుతూనే ఉంటారు.

ఏసుపాదం ముప్పై ఒక్క ఏళ్లు సాగర్ ఎడమ కాలువ మీద లష్కరుగా పనిచేశాడు. మిర్యాలగూడ దగ్గర ఒక మేజరు కాలువ తూములకు ఆయనే కాపలా. ఏ తూము ఎప్పుడు తెరవాలో, ఎంత ఎత్తాలో, ఎప్పుడు దించాలో అన్నీ ఆయన చేతిలోని ఇనుప స్పానరు చెప్పేది. పై రైతులు దించొద్దని బతిమాలేవాళ్లు, కింది రైతులు ఎత్తలేదని తిట్టేవాళ్లు. ఇద్దరికీ ఆయన ఒకే మాట చెప్పేవాడు: ఎవరి వంతు వాళ్లకే.

రిటైరయ్యాక మూడు నెలలు ఇంట్లో ఉన్నాడు. ఆ మూడు నెలల సంగతి జానమ్మ ఎవరికి చెప్పినా కొంగు నోటికి అడ్డం పెట్టుకునే చెబుతుంది. రోజు విడిచి రోజు వచ్చే కృష్ణా నీళ్లకు ఆయన ఇంట్లో వారబందీ పెట్టాడు. తాగే బిందెలది మొదటి వంతు, వంట గిన్నెలది రెండోది, బట్టల బకెట్టు మూడోది. జానమ్మ స్నానం బకెట్టు కాలువ చివరి భూమి కింద లెక్క. నీళ్లు అందితే అందినట్టు, లేకపోతే లేదు. ఆవిడ ఇరవై రోజులు ఓపిక పట్టి, ఇరవై ఒకటో రోజు పంటి నొప్పికి డాక్టర్ ఉషారాణి దగ్గరికి వెళ్లి, పన్ను చూపించే ముందే అడిగింది, మీ దవాఖానల చెట్లకు నీళ్లు పోసే మనిషి కావాల్నా అని.

అట్లా ఆ దంత వైద్యశాలలోని నలభై కుండీలు ఏసుపాదం ఆయకట్టు కిందికి వచ్చాయి. రోజూ పొద్దున ఏడున్నరకు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లేవాడు. నలభై కుండీల్లో వేలు పెట్టి, దాహం వేసిన వాటికే నీళ్లు పోసి, పదకొండింటికి తిరిగి వచ్చేవాడు. ఆ మూడున్నర గంటలు ఆయనకొక పదవి, జానమ్మకొక పండుగ.

రెండేళ్లు బాగానే గడిచాయి. మొన్న ఫిబ్రవరిలో డాక్టరమ్మ హైదరాబాద్ వెళ్లి పదహారు తెల్లటి కుండీలు తెచ్చి, నలభైలో పదహారు చెట్లను వాటిలోకి మార్చి, మిగతావి తెలిసినవాళ్లకు పంచేసింది. వాటంతట అవే నీళ్లు తాగే కుండీలట. కుండీ అడుగున నీళ్ల తొట్టి ఉంటుంది. దాని మీద చిల్లుల పళ్లెం, పళ్లెం మీద మట్టి. మట్టిలోంచి ఒక దూది వత్తి కిందికి దిగి నీళ్లను పీల్చి వేళ్లకు అందిస్తుంది. పక్కన ఒక గొట్టం, అందులో ఎర్ర బెండు. నీళ్లుంటే బెండు పైకి తేలుతుంది, అయిపోతే కిందికి దిగుతుంది. మొదటి మూడు వారాలు, వేళ్లు వత్తి దాకా పాకేవరకు, పైనుంచే పోయాలని కాగితంలో రాసి ఉంది. ఆ మూడు వారాలు ఏసుపాదం మామూలుగానే వచ్చాడు. నాలుగో వారం డాక్టరమ్మ పిలిచింది. ఆవిడది కోదాడ. మాట నెమ్మది.

"ఇక మీకు శ్రమ లేదండీ ఏసుపాదం గారూ. వారానికోసారి స్రవంతి తొట్టి నింపేస్తుంది. మీరు హాయిగా ఇంట్లో ఉండండి."

కౌంటర్ దగ్గర కూర్చునే అమ్మాయే స్రవంతి. ఏసుపాదం తలూపి ఇంటికి వచ్చాడు. తొమ్మిదింటికే వచ్చిన మొగుణ్ని చూసి, సంగతి విని, జానమ్మ బియ్యంలో రాళ్లు ఏరడం ఆపేసింది.

"అంటే ఇగ పొద్దుందాక ఇంట్లనే ఉంటవా?"

ఏసుపాదం ఇస్త్రీ చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. మర్నాటికి బకెట్లు వరుసలోకి వచ్చాయి.

నెల తిరిగేసరికి ఏసుపాదానికి పిచ్చి పట్టినట్టయింది. ఆయనకు కావలసింది ఒక్కటే, పొద్దున లేచి చొక్కా వేసుకుని వెళ్లడానికి ఒక చోటు. ఆ చోటును పదహారు తెల్ల కుండీలు తినేశాయి. అవి చచ్చిపోతే బాగుండునని ఒకటి రెండుసార్లు అనుకున్నాడు కూడా. ఆదివారం చర్చిలో అందుకు క్షమాపణ అడిగాడు. సోమవారం మళ్లీ అనుకున్నాడు.

చివరికి కుండీలను చూడకుండా ఉండలేక, పంటి నొప్పి అని చెప్పి వెళ్లాడు. స్రవంతి చీటీ రాస్తూ, తాతకు ఏ పన్ను నొప్పి అని అడిగింది. దారిలో ఆలోచించుకోవలసిన విషయం ఇదొక్కటే, ఆయన ఆలోచించలేదు. తోచినట్టు ఎడమవైపు కింద చూపించాడు. డాక్టరమ్మ ఎక్స్‌రే తీసి, పన్ను వేరు దాకా పుచ్చిపోయిందనీ, పీకక తప్పదనీ, ఇన్నాళ్లు ఎట్లా ఓర్చుకున్నారనీ ఆశ్చర్యపోయింది. ఏసుపాదం అంతకంటే ఎక్కువ ఆశ్చర్యపోయాడు. తేరుకునేలోపే ఇంజెక్షన్ పడింది. మొద్దుబారడానికి పది నిమిషాలు పడుతుందని, బయట కూర్చోమన్నారు.

ఆయన కుర్చీ పక్కనే కలబంద కుండీ ఉంది. దాని ఆకులు ఉడకబెట్టిన బెండకాయల్లా వాలిపోయి ఉన్నాయి. అవతల అడీనియం మొదలు నొక్కితే మెత్తగా లోపలికి పోయింది. స్నేక్ ప్లాంటు ఆకు పట్టుకుంటే ఊడి చేతికొచ్చింది. నీళ్లను ఇష్టపడే పీస్ లిల్లీ కూడా పసుపు బారింది. స్పైడర్ ప్లాంటు ఆకుల కొనలన్నీ అగ్గిపుల్ల అంటించినట్టు మాడి ఉన్నాయి. మట్టి పైన తెల్లటి పొర పేరుకుంది. ఏసుపాదం వేలు దానంతట అదే మట్టిలోకి దిగింది. తీసి వాసన చూశాడు. మురుగు కాలువ.

తెల్ల పొరను గోటితో గీకి చూసినప్పుడు ఆయనకు తన కాలువ కింది పొలాలు గుర్తుకొచ్చాయి. పెట్టిన నీళ్లు బయటికి పోయే దారిలేక, ఎండకు ఆవిరై, ఉప్పు పైకి తేలి చౌడు పట్టిన పొలాలు. వంగి కుండీ పక్కభాగం తడిమాడు. ఎక్కువైన నీళ్లు బయటికి పోవడానికి తొట్టి నీటిమట్టం దగ్గర ఒక చిన్న రంధ్రం ఉండాలి. ఉంది. దాన్ని ఎవరో తెల్లటి ముద్దతో నున్నగా మూసేశారు.

సరిగ్గా అప్పుడే డాక్టరమ్మ బయటికి వచ్చి, ఆయన మట్టివేలు చూసి, నిట్టూర్చింది.

"చూశారుగా, అన్నీ పోయాయి. ఈ కుండీలు మనకు అచ్చిరాలేదండీ. వాపస్ పంపించేస్తున్నా. పాత మట్టికుండీలే పెట్టిద్దాం. రేపటి నుంచి మీరు రోజూ వచ్చేయండి."

నెల రోజులుగా ఏసుపాదం కలలు కన్న మాట అది. ఆయన చేయవలసిందల్లా నోరు మూసుకోవడమే. ఆ నోరు సగం మొద్దుబారి ఉంది కాబట్టి అదంత కష్టం కూడా కాదు.  ఇస్త్రీ చొక్కా గుర్తుకొచ్చింది, బకెట్ల వరుస గుర్తుకొచ్చింది. తర్వాత చూపు మళ్లీ ఆ తెల్ల ముద్ద మీద పడింది.

ముప్పై ఒక్క ఏళ్లలో ఏసుపాదం చాలా చూశాడు గాని, చెరువుకు అలుగు మూసిన మనిషిని చూడలేదు.

నేల మీద కూలబడి, రంధ్రం చూపించి, గట్టిగా ఏదో చెప్పబోయాడు. నాలుక తిరగలేదు. పెదవి పక్కనుంచి లాలాజలం మాత్రం కారింది. డాక్టరమ్మ ఏమనుకుందో గాని, వంగి చూసింది. వేలితో గీరింది. ఆవిడకు ఆ పదార్థం ఎక్కడ చూసినా గుర్తుపట్టేటంత పరిచయం.

"స్రవంతీ, ఇది మన పంటి సిమెంటు కాదూ?"

స్రవంతి లేచి నిలబడింది. తొట్టి నింపినప్పుడల్లా ఆ రంధ్రంలోంచి నీళ్లు కారి, తుడిచిన టైల్స్ మీద మరకలు పడుతున్నాయట. పళ్లలో రంధ్రాలు పూడ్చగా మిగిలిన సిమెంటు ఉంటే పదహారింటికీ పెట్టేసిందట. అప్పటినుంచి ఒక్క చుక్క కారలేదని, ఆ మాట కొంచెం గర్వంగానే చెప్పింది. ఏ నీళ్లు పోస్తున్నావంటే, ఫిల్టర్ మిషన్‌లోంచి వచ్చే వేస్టు నీళ్లట. పారబోయడం పాపమని డ్రమ్ములో పట్టి పెడుతోందట.

డాక్టరమ్మ లోపలికి వెళ్లి పళ్లు గీకే పాత కొక్కెం ఒకటి తెచ్చింది. టైల్స్ మీద మోకాళ్లూని, పుప్పిపన్ను శుభ్రం చేసినంత ఓర్పుగా గీకి, ముద్దను పెకలించింది. నల్లటి నీళ్లు ధారగా దూకాయి. వెయిటింగ్ హాల్లోని పేషెంట్లందరూ ఒకేసారి కాళ్లు పైకెత్తారు. ఆ వాసనకు ఇద్దరు నొప్పి తగ్గిందని వెళ్లిపోయారు.

తర్వాత ఏసుపాదం పన్ను కూడా పీకారు. అరగంట దూది కొరికి పట్టుకుని మాట్లాడవద్దన్నారు. అందుకే ఆ రోజు మరమ్మతంతా సైగలతోనే నడిచింది. మాటలు మర్నాడు వచ్చాయి. డాక్టరమ్మను కుండీల ముందు నిలబెట్టి చెప్పాడు.

"నీళ్లకూ మట్టికీ నడుమ జర గాలి ఉండాలె మేడం. అలుగు మూస్తే నీళ్లు పళ్లెం దాటి పైకొస్తయి, చెట్టు ఏర్లకు ఊపిరాడదు. ఇగ ఆ ఫిల్టర్ యేస్టు నీళ్లంటే, మీరు తాగకుండ తీసిన ఉప్పంత అండ్లనే ఉంటది. గది పోస్తే చౌడు గాక ఏమైతది?"

కలబందను, అడీనియాన్ని, స్నేక్ ప్లాంటును ఆ కుండీల్లోంచి తీసేశాడు. కుళ్లిన వేళ్లు కోసి, రెండు రోజులు నీడన ఆరబెట్టి, ఇసుక కలిపిన మట్టితో మట్టికుండీల్లో పెట్టాడు. ఎండితే గాని మళ్లీ నీళ్లడగని చెట్లకు అడుగున చెరువు ఎందుకన్నాడు. పీస్ లిల్లీ, మనీప్లాంటు, సింగోనియం లాంటి ఎప్పుడూ తడి కోరేవాటికే తెల్ల కుండీలు ఉంచాడు. తెల్ల పొర గీకేసి, పైనుంచి కృష్ణా నీళ్లు రెండు విడతలు ధారాళంగా పోసి, ఉప్పు కడిగి, అలుగులోంచి వదిలేశాడు. రెండు నెలలకోసారి ఇట్లా కడగాలన్నాడు. స్రవంతికి టైల్స్ బాధ లేకుండా కుండీల కింద పళ్లేలు పెట్టించాడు. ఎర్ర బెండు కిందికి దిగగానే పరుగెత్తి నింపొద్దనీ, ఒకటి రెండు రోజులు తొట్టిని ఆరనివ్వాలనీ చెప్పాడు.

స్రవంతి అంతా విని, మేడం లోపలికి వెళ్లాక గొంతు తగ్గించి అంది.

"నువ్వు సప్పుడు జెయ్యకుంటే నీ పని నీకుండె గద తాతా. నీ కాళ్లు నువ్వే నరుక్కుంటివి."

"నీళ్లు నిలవడి మురుగుతుంటె సూసుకుంట కూసునుడు నాతోని కాదు బిడ్డా," అన్నాడు ఏసుపాదం.

స్రవంతి అన్నట్టే అయింది. వర్షాకాలం వచ్చేసరికి పీస్ లిల్లీ పూసింది. మనీప్లాంటు కిటికీ ఎక్కింది. వాటికిప్పుడు నిజంగానే వారానికి ఒక్కసారి తొట్టి నింపితే చాలు, అదీ ఆయన చేతులతోనే జరగాలని డాక్టరమ్మ షరతు. మిగతా ఆరు రోజుల భయంతో జానమ్మ మళ్లీ పంటి నొప్పికి వెళ్దామా అని ఆలోచిస్తుండగా, పళ్లు చూపించుకోవడానికి వచ్చిన బట్టల షాపాయన ఆ కుండీలు చూసి ఎనిమిది తెప్పించుకున్నాడు. ఆయన దగ్గర చూసి కళ్లజోళ్ల షాపు వాళ్లు కొన్నారు. కోదాడలోని డాక్టరమ్మ తల్లిగారింట్లో మేడ మీద పుదీనాకు, టమాటాకు నాలుగు పెట్టారు.

ఇప్పుడు ఏసుపాదం సోమవారం దంత వైద్యశాలకు, మంగళవారం బట్టల షాపుకు, బుధవారం కళ్లజోళ్ల షాపుకు, గురువారం ఏడుంబావు బస్సెక్కి కోదాడకు, శుక్రవారం ఒక స్కూలుకు, శనివారం సూర్యాపేటలో ఒక లాయరు ఆఫీసుకు వెళతాడు. ఆదివారం చర్చి. ఇంట్లో నల్లా నీళ్లు జానమ్మే పట్టుకుంటుంది, తన బకెట్టు ముందు నింపుకుంటుంది.