ఏ తల్లీ కన్నుమూయలేదట

బెజవాడ గవర్నర్‌పేటలోని మా ప్రెస్సుకి కూడు పెట్టేవి పెద్దకర్మ పుస్తకాలే. భోజనాలయ్యాక బంధువుల చేతిలో పెట్టే చిన్న పుస్తకం, ముఖచిత్రం మీద పోయినవారి ఫొటో. లోపల అందరూ దేవుళ్లే. వాటిని దిద్దడమే నా ఉద్యోగం. 'అజాతశత్రువు' కనిపిస్తే నా పెన్ను నన్నడక్కుండానే కొట్టేస్తుంది.

ఆ రోజు ఒక డాక్టరుగారి కొడుకు వచ్చాడు. తండ్రి దివిసీమలో నలభై ఏళ్లు ప్రాక్టీసు చేసి, పటమటలో కొడుకింట్లో పోయారట. అతను రాసుకొచ్చిన పేరా ఇది: 'మానవరూపంలో దిగివచ్చిన ధన్వంతరి. పేదల పాలిట కల్పవృక్షం. నలభై ఏళ్ల సేవలో ఆయన చేతిలో ఏ తల్లీ కన్నుమూయలేదు.'

మా అక్క ఆయన చేతిలోనే పోయింది. తొలి కాన్పు. తెల్లవారుజామున బిడ్డ పుట్టాక రక్తం ఆగలేదు. ఆయన తానే ఆపగలననుకున్నారు. ఇక లాభం లేదు, బెజవాడ తీసుకెళ్లమనేసరికి పొద్దెక్కింది. ఉయ్యూరు దాటకముందే అక్క వెళ్లిపోయింది. ఆ బిడ్డా దక్కలేదు.

అతనికి ఈ సంగతి చెప్పలేదు. ఒళ్లు మండిపోతోంది. పేరాలో పొగడ్తలన్నీ కొట్టేసి చదువుకుంటే, మిగిలింది పోలీసు రిపోర్టులా ఉంది: పుట్టారు, చదివారు, పోయారు. అది కూడా అన్యాయమే. అబద్ధం తీసేశాను గానీ, దాని స్థానంలో మనిషిని పెట్టలేదు.

డాక్టరుగారి భార్యకి ఫోన్ చేశాను. ఆయన గొప్పతనం చెప్పొద్దండీ, ఏం చేసేవారో చెప్పండి అన్నాను. ఆవిడ తడుముకోకుండా చెప్పారు. ఆదివారాలు లంక గ్రామాల కూలీల దగ్గర ఫీజు తీసుకునేవారు కాదు. ఒక బాలింత చనిపోయిన దగ్గర్నుంచి, రక్తం ఆగని కేసని అనుమానం వస్తే చాలు, తన కారులో పడుకోబెట్టి వెంట బెజవాడ దాకా వెళ్లేవారు. ఆ బాలింత ఎవరో ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు.

మర్నాడు ప్రూఫు తీసుకుని పటమట వెళ్లాను. ధన్వంతరి, కల్పవృక్షం లేవు. ఆదివారాలున్నాయి, కారు ఉంది. చివరి వాక్యం బదులు ఇలా రాశాను: 'అందరినీ బతికించలేకపోయారు. ఒక బాలింత చనిపోయాక, అలాంటి కేసులను వెంటనే బెజవాడ పంపేవారు. తానూ వెంట వెళ్లేవారు.'

కొడుకు మొహం మాడిపోయింది. పెద్దకర్మ నాడు చావుల సంగతి ఎందుకని, తండ్రిని తక్కువ చేసినట్టుంటుందని అన్నాడు. ఆ రోజు భోజనాల పంక్తిలో కూర్చుని తినేవాళ్లలో ఆయన దగ్గర మనిషిని పోగొట్టుకున్నవాళ్లూ ఉంటారని చెప్పాను. ఆ ఒక్క మాట అబద్ధమని తెలిసినవాళ్లు ఆదివారాలని కూడా నమ్మరన్నాను. అతను ఒప్పుకోలేదు.

డాక్టరుగారి భార్య కళ్లజోడు పెట్టుకుని ప్రూఫు రెండుసార్లు చదివారు. తర్వాత నావైపు చూశారు.

"ఆ పోయినావిడ మీకేమవుతుందమ్మా?"

"మా అక్కండి."

కొడుకు కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి వెళ్లిపోయాడు. ఆవిడ కాగితం ఒళ్లో పెట్టుకున్నారు.

"తానే ఆలస్యం చేశానని చివరిదాకా అంటుండేవారు. అది కూడా రాయండి."

పెన్ను తీశాను. ముందే పంపితే అక్క బతికేదో లేదో ఎవరికి తెలుసు? తెలియనిదాన్ని తెలిసినట్టు రాయకూడదు. ఎన్నేళ్లుగానో నేను అనుకుంటున్న మాటే అయినా, నా తీర్పుగా అచ్చులోకి వెళ్లకూడదు. అందుకని ఆయన మాటగానే పెట్టాను: 'ఆమె విషయంలో తాను ఆలస్యం చేశానని చివరిదాకా అనేవారు.' కొడుకు వెనక్కి తిరక్కుండానే, అలాగే వేయండి మేడమ్ అన్నాడు. అతని మీద నాకప్పుడు జాలేసింది.

పెద్దకర్మకి అమ్మని తీసుకెళ్లాను. రానంటుందనుకున్నాను గానీ, చీర మార్చుకుని నాకంటే ముందే ఆటో ఎక్కింది. భోజనాలయ్యాక కొడుకే వచ్చి అమ్మ చేతికి పుస్తకం ఇచ్చాడు, తలెత్తకుండా. అమ్మ అక్కడే, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టుకుంటూ చదివింది. ఆదివారాలు చదివింది. కారు దగ్గర తలూపింది. ఆఖరి వాక్యం దగ్గర వేలు ఆగింది.

"చివరిదాకా అనేవారా?" అంది.

"అనేవారంటమ్మా. వాళ్లావిడే చెప్పారు."

అమ్మ పుస్తకం మూసి, ముఖచిత్రం మీది ఫొటోని పమిటచెంగుతో తుడిచింది.

"ఒక్కసారి మనింటికొచ్చి నాతో అనుంటే బావుండేదే," అంది.