కాలని మోటారు

ఇందులో ప్రతి అక్షరమూ నిజం. సముద్రం వైపు తిరిగి ఒట్టేసి చెబుతున్నాను.

వాకాడులో మా పక్కింటి అక్క బట్టలు కుడుతుంది. మోకాళ్ల నొప్పితో మిషను తొక్కలేక, రంజాన్‌కు ముందు ఆన్‌లైన్‌లో మోటారు తెప్పించింది. బిగిస్తే తిరగలేదు. రిటర్న్ పెడితే కొరియర్ వాళ్లు తీసుకెళ్లి రసీదిచ్చారు. ఆ డబ్బు వస్తేనే ఆమె ఇంకోటి కొనగలదు. అమ్మినవాడు మాత్రం రోజూ "పరిశీలనలో ఉంది" అనేవాడు.

"నువ్వు గట్టిగా రాయబ్బయా, నీకు మాటలకేం కొదవ?" అంది.

రాశాను. మోటారులోంచి మంటలు లేచాయనీ, పెళ్లికొడుకు షేర్వాణీ బూడిదైందనీ రాశాను. రాస్తుంటే భలే ఊపొచ్చింది.

వారానికి జవాబొచ్చింది: వెనక్కి వచ్చిన మోటారుకు కాలిన గుర్తే లేదు, మీ ఫిర్యాదుకూ వస్తువుకూ పొంతన లేదు, రిఫండ్ ఆపాం.

అప్పుడు బుద్ధిగా తప్పు ఒప్పుకుని, మోటారు తిరగలేదని మాత్రమే రాసి, బిగించిన రోజే అక్క ఫోన్లో తీసిన వీడియో, కొరియర్ రసీదు జతచేసి ఆ సైటు ఫిర్యాదుల అధికారికీ, వినియోగదారుల హెల్ప్‌లైన్‌కూ పంపాను. డబ్బు వచ్చింది. ఆలోగా పండగ వెళ్లిపోయింది. ఒప్పుకున్న గుడ్డల్లో సగం ఆమె కుట్టకుండానే తిరిగిచ్చేసింది.

"నీ మంటల్లో నా పండగ కాలిపోయింది గదబ్బయా" అని తిట్టింది.

ఆ తిట్టొక్కటీ నా కల్పన. ఆమె టీ ఇచ్చింది. తిట్టి ఉంటే బాగుండేదని నేనే తిట్టించుకున్నాను.