కాంప్లెక్స్‌కి దారి

శ్రీకాకుళంలో ఇంగ్లిషు అప్పుడే మొదలుపెట్టిన పెద్దవాళ్లకి సాయంత్రాలు పాఠాలు చెబుతాను. ఆ రోజు పాఠం దారి అడగడం. బెంచీలు జరిపి వీధులు చేశాను. మధ్యలో మిగిలిన సందు నాగావళి వంతెన, నల్లబల్ల బ్యాంకు, తలుపు బస్సు కాంప్లెక్స్. సంభాషణ నేనే రాసి బోర్డు మీద పెట్టాను.

ఊరికి కొత్తగా వచ్చినవాడి వేషం ఒక ఆటో డ్రైవరుకిచ్చాను. “ఆటోవోడికి కాంప్లెక్స్ తెలీదేటి!” అని క్లాసంతా ఒకటే నవ్వు. దారి చెప్పాల్సింది చేపలమ్మే ఒకావిడ.

“గో స్ట్రెయిట్. గో ఓవర్ ది బ్రిడ్జ్. వాక్ పాస్ట్ ది బ్యాంక్. టర్న్ లెఫ్ట్” అని ఆవిడ తడబడకుండా చెప్పింది. అతను “థాంక్యూ” అన్నాడు. అక్కడితో అయిపోవాలి. కానీ ఆవిడ లేచి, “కమ్ విత్ మీ” అంటూ అతని చెయ్యి పట్టుకుని వంతెన దాటించింది.

నాకు చిర్రెత్తింది. “అది బోర్డు మీద లేదు కదమ్మా! చెప్పేసి కూర్చోవాలి.”

ఆవిడ తలుపు దగ్గర ఆగి నా వైపు తిరిగింది. “ఊరికి కొత్తోడ్ని రోడ్డు మీద ఒగ్గీసి కూకుంతామేటి మేస్టారూ?”

బోర్డు మీద ‘థాంక్యూ’ చెరిపేసి, ఆవిడన్న ‘కమ్ విత్ మీ’ రాశాను. అప్పటినుంచి ప్రతి బ్యాచ్‌కీ ఆ పాఠం అలాగే చెబుతున్నాను. ఎవరైనా తప్పంటే గర్వంగానే జవాబిస్తాను: పుస్తకాల ఇంగ్లిషులో దారి చెప్పి పంపేస్తారు, మా ఇంగ్లిషులో దిగబెట్టి వస్తారు.