వదిలేసిన పది అర్జీలు

ఎనభైల చివర్లో పుంగనూరు కరెంటాఫీసులో కంప్యూటర్ ప్రోగ్రాం రాసింది నేనే. అది పెండింగ్ అర్జీలను నంబరు వరుసలో పదేసి చదివి, బోరు కనెక్షన్ మంజూరు ఉత్తరాలు అచ్చుకొట్టేది. ఉత్తరం పడిన అర్జీ పెండింగ్‌లోంచి పోయేది.

"నా వెనక ఇచ్చినోళ్లకు వచ్చిండాది. నాకు యాల రాలేదప్పా?" అని నిమ్మనపల్లె రైతు అడిగాడు.

"కంప్యూటర్ తప్పు చేయదు. నువ్వే అర్జీ ఇచ్చుండవు పో" అని కసిరాను.

ఆయన వెళ్లాక చూశాను. మొదటి పది పోగానే తర్వాతి పది జాబితాలో వాటి స్థానాల్లోకి జరిగాయి. ఆ పది స్థానాలూ చదివేసినవే అనుకుని నా ప్రోగ్రాం పదకొండో స్థానం నుంచి చదివి, వాటిని దాటేసింది. వాటిలో ఆయనదీ ఉంది. చివర చదివిన నంబరు గుర్తుపెట్టుకుని, దాని తర్వాతివే చదివేలా మార్చాను.

ఆయన పేరిట అచ్చయిన ఉత్తరం పట్టుకుని వాళ్ల ఊరికి వెళ్లాను. నేను నోరు తెరవకముందే, "తప్పు నాదేలేప్పా, కొత్త అర్జీ రాయించినా" అని ఆయన నాకే చేతులు జోడించాడు.