లైట్‌మన్ సరిచేసిన డిమ్మర్

జావా నేర్చుకుని ఉద్యోగం కొడదామని అమీర్‌పేట వచ్చాను. జావా నాకు రాలేదు. అందుకని నన్ను సార్‌ని చేశారు.

పంజాగుట్ట వెళ్ళే దారిలో, ఒక టిఫిన్ సెంటర్ పైన రెండు గదులు. బయట బోర్డు మీద ‘ఎంబెడెడ్ రీసెర్చ్ సెంటర్’. లోపల ఒక సోల్డరింగ్ ఐరన్, రెండు మల్టీమీటర్లు. వాటిలో ఒకటి పనిచేసేది. ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం పిల్లలకి ప్రాజెక్టులు చేసిపెట్టడమే మా రీసెర్చ్. మే నెలలో కూడా టై విప్పని మహానుభావుడు మా డైరెక్టర్.

ఆ ఏడు యూసుఫ్‌గూడ నుంచి వచ్చే ఒక అమ్మాయికి బల్బు వెలుగు తగ్గించే డిమ్మర్ ప్రాజెక్టు అంటగట్టాం. వాళ్ళ నాన్న కృష్ణానగర్‌లో సినిమా లైట్‌మన్ అని మాకు తెలియదు. తెలిస్తే ట్రాఫిక్ సిగ్నల్ ప్రాజెక్టు ఇచ్చేవాళ్ళం.

ఆమెకి నేను బోర్డు మీద గీసి చెప్పాను. ఇంటి కరెంటు వోల్టేజి సెకనుకి వంద సార్లు సున్నాని దాటుతుంది, అదే జీరో క్రాసింగ్. దాటిన ప్రతిసారీ సర్క్యూట్ మైక్రోకంట్రోలర్‌కి కబురు పంపుతుంది. అప్పుడు టైమరు మొదలవుతుంది, మైక్రోసెకనుకి ఒక అంకె చొప్పున. ఐదు వేలు లెక్కపెట్టాక, బల్బుకి కరెంటు వదిలే స్విచ్ లాంటి ట్రయాక్‌కి చిన్న పల్స్. ట్రయాక్ అక్కడ ఆన్ అయి, మళ్ళీ కరెంటు సున్నా అయ్యేదాకా ఆగదు. పది వేల మైక్రోసెకన్ల అర్ధ చక్రంలో సగం పోయింది, సగం బల్బుకి దక్కింది. ఎంత ఆలస్యంగా వెలిగిస్తే అంత మసక. నేను చెప్పింది నాకే ఎంతో నచ్చింది.

ట్రయాక్‌ని ఆన్ చేసే చిప్పు కోసం కోఠీ వెళ్ళాను. “3021 లేదు భాయ్, 3041 తీసుకో. గిది ఇంకా మంచిది. జీరో క్రాసింగ్ సుత లోపల్నే ఉంటది,” అన్నాడు దుకాణదారు. అడగకుండానే ఒక జీరో క్రాసింగ్ ఎక్కువ వచ్చిందని సంబరపడి తెచ్చాను.

వెలుగుకి పది మెట్లు పెట్టాం. పదో మెట్టులో బల్బు నిండుగా వెలిగింది. తొమ్మిది నుంచి ఒకటి దాకా చీకటి. నాలుగు రోజులు కోడ్ మార్చాను. కోడ్ ఏ తప్పూ చేయలేదు గనక బాగుపడలేదు కూడా.

“ఏం ఫర్లేదండీ,” అన్నారు డైరెక్టర్ గారు. “టూ స్టెప్ డిజిటల్ డిమ్మింగ్ అని రిపోర్టులో రాసేయండి.”

మనం స్విచ్ అని పిలిచే వస్తువుకి అంతకంటే గౌరవమైన పేరు నేనెక్కడా వినలేదు.

ఐదో రోజు ఆ అమ్మాయి ఇంటర్నెట్ సెంటర్‌లో తీయించిన ఆ చిప్పు వివరాల కాగితాలు పట్టుకొచ్చింది.

“సార్, మనం సున్నా దాటినంక ఐదు మిల్లీసెకన్లు ఆగి పల్స్ ఇస్తున్నం. గీ చిప్పు వోల్టేజి సున్నా దగ్గర ఉన్నప్పుడే ఆన్ అయితది. మన పల్స్ వచ్చేసరికి వోల్టేజి మస్తు పైనుంటది కదా. గందుకే పట్టించుకోదు.”

నేను ఆలోచిస్తున్నట్టు గడ్డం పట్టుకున్నాను. నిజానికి సిగ్గుతో మొహం దాచుకున్నాను. పదో మెట్టులో ఆలస్యం దాదాపు లేదు, అందుకే అదొక్కటీ వెలిగింది. “నేనూ అదే అనుకుంటున్నాను,” అన్నాను. ఆమె నవ్వలేదు. ఆ దయ ఇప్పటికీ గుర్తుంది.

మర్నాడు తనే 3021 సంపాదించి తెచ్చింది. రెండింటి కాళ్ళూ ఒకేలా ఉంటాయి. ఒకటి పీకి ఇంకొకటి గుచ్చితే చాలు. బల్బు మెల్లగా తగ్గి, మెల్లగా పెరిగింది.

ఆ శనివారం వాళ్ళ నాన్న చూడ్డానికి వచ్చారు. ముందుగా జేబులోంచి టెస్టర్ తీసి ఫేజ్ ఎటుందో చూశారు. “చెయ్యి పెట్టెటప్పుడు జర చూస్కో సార్,” అన్నారు. తర్వాత బల్బు పక్కన గోడమీద పడే వెలుగు చూస్తూ ఒక్కో మెట్టూ నొక్కించారు.

“మెట్లు సమానం లేవు సార్. పైన రెండు మూడు నొక్కినా ఏం మారుతలేదు. నడుమల ధబ్బున పడుతది. కింద రెండు మెట్లు ఉన్నయా లేవా తెలుస్తలేదు.”

“మెట్టుకి సరిగ్గా ఒక మిల్లీసెకను పెట్టానండీ,” అన్నాను, పరువు కాపాడుకోవడానికి.

“నువ్వు టైము సమానం పంచినవ్. వెలుగు పంచలే,” అన్నారు ఆయన.

అది నిజం. అలలో మొదట, చివర వోల్టేజి తక్కువ, నడుమ ఎక్కువ. అంచుల్లో మిల్లీసెకను కోసినా పోయేది ఏమీ ఉండదు.

కర్టెన్ వేశాం. నేను ఆలస్యం కొంచెం కొంచెంగా మారుస్తుంటే ఆయన గోడ చూస్తూ “ఇంకొంచెం... బస్, ఆపు” అనేవారు. ఆ అమ్మాయి ఆ ఆలస్యం అంకెని నోట్‌బుక్‌లో రాసేది. మధ్యాహ్నానికి పది అంకెల పట్టిక తయారైంది. టైమరు ఇక మెట్టుని బట్టి ఆ పట్టికలోంచి ఆలస్యం తీసుకునేలా నేను కోడ్ రాశాను. మూడేళ్ళ ఉద్యోగంలో నేను చేసిన ఒకే ఒక్క రీసెర్చ్ అది. చేయించింది పదో తరగతి కూడా దాటని ఆయన.

వైవాలో ఆమెని మెట్ల మధ్య టైమెందుకు అసమానంగా ఉందని అడిగారట. “వెలుగు సమానంగా ఉండాలని” అందట. పై ఏడాది కరపత్రంలో మా డైరెక్టర్ ‘మా నిపుణులు కనిపెట్టిన డిమ్మింగ్ పట్టిక’ అని వేయించారు. ఆ నిపుణుడు ఆ సమయానికి ఏదో షూటింగ్‌లో నిచ్చెన మీదుండి ఉంటాడు.