రెండా, ఆరా

మా తాత టీవీలు బాగుచేసేవాడు. నోటికి తాళం ఉండేది కాదు, దుకాణానికి మాత్రం ఒక నియమం ఉండేది. సెట్టు ఆన్ కాకుండా ఎర్ర లైటు కొట్టుకుంటుంటే, ఎన్నిసార్లు కొట్టుకుందో తెచ్చినవాడే లెక్కపెట్టి, వెనక మూత మీద తన చేత్తో రాయాలి. "రేపు నువ్వు మాట మారుస్తావు, మూత మార్చదు" అనేవాడు.

వెల్డింగు షెడ్డు ఆసామి ఆరు అని రాశాడు. ఆ కంపెనీ సెట్లలో ఆరంటే తెర వెనక దీపాలు పోయినట్టు. తాత ఆ దీపాల స్ట్రిప్పులు మార్చి, తెర వెలిగాక పంపాడు. మూడోరోజు ఆసామి సెట్టు మోసుకొచ్చి బల్ల మీద పడేసి, మా అద్దాల బీరువాని కాలితో తన్నాడు. అద్దం పగిలి తాత నుదురు చీరుకుంది.

"పాత సరుకు వేశావు కదరా ముసలోడా."

"ప్లగ్గు పెట్టి చూడు నాయనా. అరుపులకి లైటు భయపడదు."

ఆ ఎకసెక్కమే కొంప ముంచింది. ఆసామి తాత కుడిచేతి చూపుడువేలు లాగి బల్లకున్న వైసు ఇనప దవడల మధ్య పెట్టి బిగించాడు. టంకం పెట్టే చెయ్యది. అది పోతే దుకాణం పోయినట్టే. వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చిన నానమ్మ అట్లకాడతో వాడి వీపు వాయిస్తోంది. వాడికి ఈగ వాలినట్టు కూడా లేదు.

"ఆరొస్తే ఇంకో చుట్టు తిప్పు. లేకపోతే వదులు" అన్నాడు తాత, పళ్లు బిగించి.

ఆసామి సెట్టుకి ప్లగ్గు పెట్టి స్విచ్చి నొక్కాడు. లైటు కొట్టుకుంది. "ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు. చూశావా?"

వైసు తిరిగింది. ఎముక చిట్లిన చప్పుడు గుమ్మం దగ్గరున్న నాకు వినబడింది. తాత అరవలేదు. ఆయన చూపు లైటు మీదే ఉంది.

"బండోడా, మధ్యలో చీకటిని మింగేశావు. లైటు ఎక్కువసేపు ఆరిందంటే లెక్క అయిపోయినట్టు. మళ్లీ ఒకటి నుంచి మొదలెట్టు."

ఆసామి పెదాలు మెల్లగా కదిలాయి. ఒకటి, రెండు. చీకటి. ఒకటి, రెండు. చీకటి. మూడు రెళ్లని కలిపి ఆరు చేశాడు మహానుభావుడు. నేనే అయిదో తరగతి రెండుసార్లు చదివాను, నాకే నవ్వొచ్చింది.

"రెండంటే మెయిన్ బోర్డుకి కరెంటు సరిగ్గా అందట్లేదని. నా దీపాల తప్పు కాదు. వెల్డింగు దెబ్బకి వోల్టేజి ఎగిరిపడే షెడ్డు లైన్లో పెట్టొద్దన్నానా?"

ఆసామి గబగబా వైసు విప్పి, తాత చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, "పద బాబాయ్, ఆసుపత్రికి" అన్నాడు.

తాత కదలలేదు. ఎడమచేత్తో పెన్ను అందించి, "ముందు రాయి" అన్నాడు.

వాడు మూత మీద ఆరు కింద రెండు వేశాడు. చిట్లిన ఆ వేలు మళ్లీ వంగలేదు. తాత టంకం ఎడమచేత్తో నేర్చుకున్నాడు. వంగని వేలు మాత్రం ఎర్ర లైటు చూపించడానికి పనికొచ్చింది.